తుంటి ఆపరేషన్ పేషంట్ కేర్ ప్లాన్: తిరగరాసిన రేషనేల్

మేడమ్‌కి నమస్కారం.

నా కేర్ ప్లాన్ మార్జిన్‌లో మీరు ఎర్ర ఇంకుతో ఏడు చోట్ల ఒకే మాట రాశారు: "ఈవిడకే ఎందుకు?" చదువుకుంటే నాకే సిగ్గేసింది. "రక్త ప్రసరణ మెరుగుపడుతుంది", "ఇన్ఫెక్షన్ రాదు", "పేషంట్ సౌకర్యంగా ఉంటుంది". ఈ మూడు వాక్యాలతోనే మొదటి సంవత్సరం నుంచీ కేర్ ప్లాన్లు నింపుకుంటూ వచ్చాను. ఏ బెడ్ నంబరు పక్కన పెట్టినా అతికిపోతాయి.

మళ్ళీ రాశాను. మీరు రేషనేల్, అంటే ప్రతి పనీ ఎందుకో చెప్పే కారణం, మాత్రమే మార్చమన్నారు. ఆధారం వెతకడం మొదలుపెట్టాక ప్లానే మారిపోయింది. రెండు ఇంటర్వెన్షన్లు తీసేయాల్సి వచ్చింది. ఒకటి నిలబడింది, కానీ నేను ముందు రాసిన కారణంతో కాదు.

పేషంట్

68 ఏళ్ళ మహిళ, బరువు 48 కిలోలు. పొలం గట్టు మీద జారిపడి ఎడమ తొడ ఎముక మెడ భాగం విరిగింది. విరిగిన బంతి భాగం తీసి కృత్రిమ భాగం పెట్టే హెమీ ఆర్థ్రోప్లాస్టీ అయి ఇది రెండో రోజు. 11 ఏళ్ళుగా షుగర్ ఉంది. హిమోగ్లోబిన్ 9.2, క్రియాటినిన్ 0.9. కదిలించినప్పుడు నొప్పి 10కి 7. యూరినరీ క్యాథెటర్ ఇంకా ఉంది. ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూడా మంచం దిగలేదు.

ఒత్తిడి పుండ్ల రిస్కు కొలిచే బ్రేడెన్ స్కోరు 13, అంకె తగ్గేకొద్దీ రిస్కు ఎక్కువ: స్పర్శ 3, తేమ 3, యాక్టివిటీ 1, కదలిక 2, పోషణ 2, రాపిడి 2. మొదటిసారి "13, రిస్క్ ఉంది" అని రాసి వదిలేశాను. విడివిడిగా చూస్తే ఏ పని ఎందుకు చేయాలో ఆ అంకెలే చెబుతున్నాయి. అందుకే ఈసారి ప్రతి ఇంటర్వెన్షన్‌నీ ఏదో ఒక సబ్‌స్కోరుకో, చార్టులో ఉన్న అంకెకో కట్టాను.

మొదటి డయాగ్నసిస్: ప్రెషర్ ఇంజురీ వచ్చే రిస్క్

లక్ష్యం: ఐదో రోజు ఉదయం 8 గంటలకు సేక్రమ్ మీద, అంటే నడుము కింది ఎముక మీద, రెండు మడమల మీద చర్మం చిట్లకుండా ఉండాలి. ఇప్పుడున్న ఎర్రటి మచ్చ పోవాలి.

*చర్మం పరీక్ష, షిఫ్టుకు ఒకసారి, తిప్పిన ప్రతిసారీ ఒక చూపు.*
ముందు రాసింది: "బెడ్‌సోర్ త్వరగా గుర్తించడానికి."
ఇప్పుడు: సేక్రమ్ మీద సుమారు 3 x 2 సెంటీమీటర్ల మచ్చ ఉంది. వేలితో మూడు సెకన్లు నొక్కి వదిలితే తెల్లబడి మళ్ళీ ఎర్రబడింది. అంటే ఇంకా మొదటి దశ ప్రెషర్ ఇంజురీ కాదు, ఒత్తిడి తీసేస్తే తగ్గే స్థితి. తెల్లబడకపోతే డయాగ్నసిసే మారుతుంది. ఈవిడ చామనఛాయ, ఎరుపు తేలిగ్గా కనబడదు. నిజానికి మొదటి రోజు నైట్ షిఫ్ట్ నోట్‌లో "చర్మం మామూలుగా ఉంది" అనే ఉంది. రంగు ముదిరిన చర్మంలో రంగు ఒక్కటే చూస్తే సరిపోదని, వేడి, గట్టిదనం, నొప్పి పక్క చర్మంతో పోల్చి చూడాలని 2019 అంతర్జాతీయ ప్రెషర్ ఇంజురీ గైడ్‌లైన్ చెబుతోంది. అందుకే చేతి వెనుక భాగంతో తాకి చూడడం కూడా కలిపాను.
ఆశించే ఫలితం: 24 గంటల్లో మచ్చ తగ్గుముఖం పట్టాలి. నొక్కినా తెల్లబడకపోతే ఆ షిఫ్టులోనే డాక్టరు గారికి చెప్పాలి.

*రెండు గంటలకోసారి తిప్పడం, 30 డిగ్రీల వాలులో.*
ముందు రాసింది: "రక్త ప్రసరణ మెరుగుపడుతుంది."
ఇప్పుడు: రెండు గంటలు అనేది రాసిపెట్టిన శాసనం అనుకునేదాన్ని. 2013లో వచ్చిన టర్న్ స్టడీలో అమెరికా, కెనడా నర్సింగ్ హోముల్లోని 942 మందిని 2, 3, 4 గంటల గ్రూపులుగా చూస్తే పుండ్లు రావడంలో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. అది చదివాక రెండు గంటలు తీసేద్దామనుకున్నాను. కానీ వాళ్ళంతా హై డెన్సిటీ ఫోమ్ పరుపుల మీద ఉన్నవాళ్ళు. మా వార్డులో రెక్సిన్ కవరు వేసిన పాత పరుపు, మధ్యలో కుంగిపోయింది, చెయ్యి కింద పెడితే చట్రం తగులుతుంది. పైగా ఎడమవైపు తిప్పడానికి సర్జన్ గారు ఇంకా ఒప్పుకోలేదు. మిగిలినవి వెల్లకిలా, కుడివైపు, రెండే. మూడు భంగిమలు పంచుకోవాల్సిన బరువు రెండింటి మీదే పడుతోంది. అందుకని ఈవిడ విషయంలో రెండు గంటలే ఉంచాను. గైడ్‌లైన్ కూడా పేషంట్‌ను, పరుపును చూసి వ్యవధి నిర్ణయించమనే చెబుతుంది.
పూర్తిగా పక్కకు కాకుండా 30 డిగ్రీలే ఎందుకంటే, 90 డిగ్రీలు తిప్పితే బరువంతా తుంటి పక్క ఎముక మీదికి వస్తుంది. తిప్పేటప్పుడు కాళ్ళ మధ్య దిండు ఉంటుంది, కొత్త కీలు పక్కకు జారకుండా. ఇద్దరం కలిసి డ్రా షీటుతో ఎత్తుతాం, లాగం. రాపిడి స్కోరు 2 అన్నది ఇక్కడే గుర్తుపెట్టుకోవాలి.
ఆశించే ఫలితం: 24 గంటల్లో చార్టులో 12 ఎంట్రీలు, ఏ ఒక్కటీ రెండున్నర గంటలు దాటకుండా. కుడి తుంటి మీద కొత్త మచ్చ రాకూడదు.

*స్పిరిట్, పౌడరుతో బ్యాక్ మసాజ్: తీసేశాను.*
ప్రొసీజర్ రికార్డులో ఉంది, సీనియర్లు చేస్తారు, నేనూ చేశాను. కానీ స్పిరిట్ చర్మాన్ని ఎండబెడుతుంది. ఎముక మీద ఎర్రబడిన చోట రుద్దితే కింద అప్పటికే దెబ్బతిన్న కణజాలం ఇంకా నలుగుతుంది. రిస్కు ఉన్న చర్మాన్ని గట్టిగా రుద్దవద్దని గైడ్‌లైన్లు స్పష్టంగా చెబుతున్నాయి. నిన్న ఉదయం నేను ఈవిడ సేక్రమ్ మీద రుద్దాను మేడమ్. ఇక్కడ రాయకుండా ఉండలేకపోయాను. దాని బదులు గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, అద్ది ఆరబెట్టి, పలచగా మాయిశ్చరైజర్ రాస్తున్నాం.
ఆశించే ఫలితం: చర్మం మెత్తగా, పగుళ్ళు లేకుండా ఉండాలి. తేమ సబ్‌స్కోరు 3 నుంచి పడిపోకూడదు.

*మడమల కింద నీళ్ళు నింపిన గ్లవ్: తీసేశాను.*
గ్లవ్ ఒత్తిడిని తీసేయదు, మడమ కింద ఒక చిన్న చోటికి తెచ్చి పెడుతుంది. పొద్దున పెట్టింది సాయంత్రానికి కారిపోయి దుప్పటి తడిసింది కూడా. ఇప్పుడు పిక్క పొడవునా దిండు, మడమ గాల్లో. మడమకీ పరుపుకీ మధ్య నా చెయ్యి తేలిగ్గా దూరాలి, అదే కొలత. షుగర్ వల్ల స్పర్శ 3 కాబట్టి మడమ నొప్పెడుతోందని ఈవిడ చెప్పే దాకా ఆగకూడదు.
ఆశించే ఫలితం: ఐదో రోజుకి రెండు మడమల మీదా ఎరుపు, బొబ్బ ఏదీ లేకుండా ఉండాలి.

*ప్రొటీన్.*
ముందు "ఆల్బుమిన్ 2.9 కాబట్టి హై ప్రొటీన్ డైట్" అని రాశాను. ఆపరేషన్ తర్వాత శరీరంలో వచ్చే వాపు వల్ల కూడా ఆల్బుమిన్ పడిపోతుంది, దాన్ని చూసి పోషణ ఎంతుందో చెప్పలేం. అందుకే ఆ అంకె వదిలేసి ఈవిడ నిన్న ఏం తిన్నదో కూతురిని అడిగి రాసుకున్నాను: రెండు ఇడ్లీలు, చారన్నం రెండు పూటలా, ఒక గ్లాసు పాలు, కాస్త పప్పు. నా లెక్కలో 28 గ్రాముల ప్రొటీన్ దాటదు. కిలోకు 1.2 నుంచి 1.5 గ్రాములు కావాలంటే ఈవిడకు 58 నుంచి 72. క్రియాటినిన్ మామూలుగానే ఉంది కాబట్టి డైటీషియన్ మేడమ్ సరేనన్నారు. రెండు కోడిగుడ్లు, గట్టి పప్పు, పెరుగు కలిపాం.
ఆశించే ఫలితం: ఐదో రోజుకి ఇన్‌టేక్ చార్టులో రోజుకు కనీసం 58 గ్రాములు.

రెండో డయాగ్నసిస్: ఆపరేషన్ గాయం వల్ల తీవ్రమైన నొప్పి

ముందు "అనాల్జెసిక్ ఇస్తే నొప్పి తగ్గుతుంది" అని రాశాను. తగ్గుతుంది, కానీ ఎప్పుడు? పారాసిటమాల్ 650 ఎంజీ ఆరు గంటలకోసారి, వార్డు టైమింగ్ ప్రకారం 6, 12. ఫిజియోథెరపిస్ట్ వచ్చేది 11కి, అంటే అప్పటికి డోసు ప్రభావం దిగిపోయి ఉంటుంది. "అమ్మాయ్, ఇటు తిప్పకే తల్లీ, చచ్చిపోతున్నా" అని ఆవిడ నా చెయ్యి పట్టుకున్నది ఆ టైములోనే. మింగిన మాత్ర పనిచేయడానికి అరగంట నుంచి గంట పడుతుంది. డాక్టరు గారిని అడిగితే 4, 10 గంటలకు మార్చారు. నొప్పిని కదలకుండా ఉన్నప్పుడే కాదు, కదిలించినప్పుడు కూడా అడిగి రాస్తున్నాం. పడుకుని ఉన్నప్పుడు 2 అని చెప్పే మనిషి తిప్పితే 7 అంటుంది.
ఆశించే ఫలితం: నాలుగో రోజుకి కదిలించినప్పటి నొప్పి 4 లేదా అంతకంటే తక్కువ, తిప్పడానికి అడ్డు చెప్పకుండా ఉండడం.

మూడో డయాగ్నసిస్: శారీరక కదలిక తగ్గడం

తుంటి ఎముక ఆపరేషన్ అయిన మర్నాడే, వద్దనే కారణం లేకపోతే, లేపి కదిలించమని ఇంగ్లండులోని నైస్ అనే ఆరోగ్య సంస్థ గైడ్‌లైన్ చెబుతుంది. మనం ఇప్పటికే ఒక రోజు వెనకబడ్డాం. యాక్టివిటీ 1 నుంచి 2కి రావడం పైన రాసిన చర్మం పనులన్నిటికంటే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. ముందు మంచం అంచున కూర్చోబెట్టి బీపీ చూసి, తర్వాత వాకర్. హిమోగ్లోబిన్ 9.2 కాబట్టి కళ్ళు తిరుగుతున్నాయేమో అడగాలి. తుంటి 90 డిగ్రీలు దాటి వంచకూడదు.
ఆశించే ఫలితం: మూడో రోజు 10 నిమిషాలు కూర్చోవడం, ఐదో రోజుకి వాకర్‌తో 5 అడుగులు.

కాలి సిరల్లో రక్తం గడ్డకట్టడం, అంటే డీవీటీ గురించి "యాంకిల్ పంప్స్ వల్ల డీవీటీ రాదు" అన్న వాక్యం కొట్టేశాను. పాదాలు పైకీ కిందికీ ఆడించే ఆ వ్యాయామాలు సిరల్లో రక్తం కదలడానికి సాయపడతాయంతే. నివారణకు డాక్టరు గారు రాసింది రక్తం గడ్డకట్టకుండా ఆపే ఎనాక్సాపరిన్ 40 ఎంజీ. టైముకి ఇవ్వడం, గాయం నుంచి రక్తం కారుతోందేమో చూడడం నా పని. పాదం పైకి వంచి పిక్క నొప్పి చూసే హోమన్స్ సైన్ కూడా తీసేశాను, దాన్ని నమ్మలేం. పిక్క చుట్టుకొలత రెండు కాళ్ళకూ రోజూ ఒకే చోట కొలుస్తాను. తేడా 3 సెంటీమీటర్లు దాటితే వెంటనే రిపోర్ట్ చేస్తాను.

నాలుగోది: క్యాథెటర్

ముందు రాసింది "క్యాథెటర్ కేర్ రోజుకు రెండుసార్లు". ఆపరేషన్ పేషంట్లకు వీలైతే 24 గంటల్లోపే తీసేయాలని అమెరికా ఆరోగ్య సంస్థ సీడీసీ 2009 గైడ్‌లైన్. ఎంత బాగా శుభ్రం చేసినా, అవసరం లేని క్యాథెటర్ ఉన్నన్నాళ్ళూ ఇన్ఫెక్షన్ రిస్కు ఉంటుంది. రౌండ్స్‌లో అడిగాను, తీసేయమన్నారు. ఒక చిక్కు ఉంది: ఇక బెడ్‌పాన్ కోసం తుంటి ఎత్తాలి, నొప్పి, రాపిడి రెండూ పెరుగుతాయి. అందుకే పలచటి ఫ్రాక్చర్ బెడ్‌పాన్, ఇద్దరం ఎత్తడం.
ఆశించే ఫలితం: తీసిన 6 గంటల్లోపు స్వయంగా మూత్రం పోయడం, జ్వరం, మంట లేకపోవడం.

ఎవాల్యుయేషన్, ఐదో రోజు ఉదయం 8 గంటలు

సేక్రమ్ మీద మచ్చ పోయింది, మడమలు బాగున్నాయి. మూత్రం నాలుగు గంటలకే పోసింది. కదిలించినప్పటి నొప్పి నాలుగో రోజుకే 4కి వచ్చింది. వాకర్‌తో 8 అడుగులు వేసింది. తిప్పే చార్టులో మూడో రోజు రాత్రి 2 నుంచి 6 దాకా ఖాళీ, లక్ష్యం పాక్షికంగానే నెరవేరింది. ప్రొటీన్ 44 గ్రాముల దగ్గరే ఆగింది: గుడ్డు వాసన పడటం లేదట, నన్ను చూడగానే దిండు కింద దాచేస్తోంది. ఈ రోజు నుంచి గుడ్డు మానేసి ఉదయం, సాయంత్రం మజ్జిగలో పాలపొడి కలిపి ఇస్తున్నాం. శుక్రవారం మళ్ళీ లెక్క చూస్తాను.