మన హాజరు పట్టీ మళ్ళీ తెరుస్తున్నాం: 2002 పదో తరగతి బ్యాచ్, పాతికేళ్ళ కలయిక

పైన ఉన్న ఫొటో 2002 మార్చిలో, పరీక్షలకు ముందు, మన బడి మెట్ల మీద తీసింది. రెండో వరుసలో కుడి చివర సగం చెవి, సగం భుజం మాత్రమే కనబడుతున్న మనిషిని నేను. ఫొటోగ్రాఫరు "ఇంకొంచెం లోపలికి జరగండి" అంటూనే నొక్కేశాడు. మిగిలిన సగాన్ని చూపించుకోవడానికి పాతికేళ్ళు ఆగాను. ఇక ఆగలేను.

తేదీ: 2027 జనవరి 17, ఆదివారం. ఉదయం 9 నుంచి సాయంత్రం 5 వరకు.
చోటు: శ్రీకాకుళంలో మన మున్సిపల్ హైస్కూలే. వేపచెట్టు కింద సభ, ఎనిమిదో తరగతి వరండాలో భోజనాలు.

ఫంక్షన్ హాలు తీసుకుందామని కొందరు అన్నారు. ఏసీ ఉంటుంది, నిజమే. కానీ అక్కడ మనల్ని ఎవరు గోడకుర్చీ వేయించారు? ప్రధానోపాధ్యాయుల అనుమతి రాతపూర్వకంగా తీసుకున్నాం. సంక్రాంతికి ఎలాగూ అందరూ ఊరు చేరతారని, పండగ మూడు రోజులూ ఇంటివాళ్ళకు వదిలేసి ఆ తరువాత వచ్చే ఆదివారం పెట్టాం.

ఆ రోజు ఏం జరుగుతుందంటే, ముందు ఇడ్లీ, గారెలు. పదిన్నరకు హాజరు. అవును, నిజంగానే హాజరు పిలుస్తారు. ఆఫీసు గదిలో మన ఏడాది రిజిస్టరు దొరికింది. అట్ట ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి, పేర్లు మాత్రం చెక్కుచెదరలేదు. లెక్కల మాస్టారు అదే వరుసలో అంకెలు పిలుస్తారు. లేచి నిలబడి "ప్రెజెంట్ సార్" అనాలి. కూర్చునే చెయ్యి ఎత్తితే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. ఎ 9, బి 22 మన మధ్య లేరు. ఆ అంకెలు వచ్చినప్పుడు వాళ్ళ బెంచీలో కూర్చున్నవాళ్ళు లేచి నిలబడతారు.

తరువాత గురువులకు సత్కారం. ఎనిమిది మంది వస్తామన్నారు. వాళ్ళలో సైన్సు మాస్టారు ఉన్నారు. 1999 ఆగస్టు 11న సంపూర్ణ సూర్యగ్రహణం మన ఊరి మీదుగానే వెళ్ళింది, గుర్తుందా? మనం ఎనిమిదో తరగతి. పొద్దు వాలుతున్న వేళ ఊరంతా తలుపులు మూసుకుంటే, ఆయన మాత్రం ఇంటింటికీ తిరిగి మన అమ్మానాన్నలను బతిమాలి పదకొండు మందిని మైదానానికి తీసుకువచ్చారు. పడమటి దిక్కు మసకబారి, కాకులు వేపచెట్టు మీదికి చేరిపోతుంటే "భయపడకండి, కాసేపే" అంటూ ఆయన చేతి గడియారం చూస్తూ నిలబడ్డారు. ఆ పదకొండు మందిలో నేను లేను. మా నాయనమ్మ నన్ను దర్భలు వేసిన నీళ్ళబిందె పక్కన కూర్చోబెట్టింది. సూర్యదేవుడి అరసవల్లి పక్కనే ఉండి ఆ గ్రహణం చూడలేకపోయానని నాకు ఇప్పటికీ ఉక్రోషమే. ఉన్నవాళ్ళు వచ్చి ఆయన ముందే ఆ కథ చెప్పాలి.

మధ్యాహ్నం ఒంటిగంటకు ఆకుల్లో భోజనం, వరుసల్లో కూర్చుని. పులిహోర, గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర, కోడికూర, బొబ్బట్లు. జీడిపప్పు పలాస నుంచి బి 5 తెస్తానని మాట ఇచ్చాడు. ఇచ్చిన మాట నలుగురి ముందు రాస్తే తప్పించుకోలేడని ఇక్కడ రాస్తున్నాను. మూడింటికి అవే మెట్ల మీద, అదే వరుసలో మళ్ళీ ఫొటో.

ఇక డబ్బు సంగతి. తలకు 1,500 రూపాయలు. భార్యనో భర్తనో తీసుకువస్తే మరో 500. పిల్లలకు ఏమీ లేదు. అరవై మంది కట్టినా 90,000 వస్తుంది. అందులో టిఫిను, భోజనాలకు 45,000. షామియానా, కుర్చీలు, మైకుకు 15,000. గురువులకు పొందూరు ఖద్దరు బట్టలు, శాలువా, ఇంటి నుంచి తీసుకువచ్చి దింపే కారు, అన్నీ కలిపి 20,000. ఫొటోలు, బ్యానరు, చిల్లర ఖర్చులకు 10,000. కుటుంబాల కింద వచ్చేది, ఎవరైనా ఇష్టంగా ఎక్కువ ఇచ్చేది మొత్తం బడికే. కంప్యూటర్ కొనిద్దామని గొప్పగా వెళ్ళి అడిగితే, "లైబ్రరీకి రెండు ఇనుప బీరువాలు ఇప్పించండి చాలు, పుస్తకాలు చెదల పాలవుతున్నాయి" అన్నారు ప్రధానోపాధ్యాయులు. కాబట్టి బీరువాలే.

డబ్బు చూసేది బి 14. క్యూఆర్ కోడ్ మన వాట్సాప్ గ్రూపులో పైన పిన్ చేసి ఉంది. పంపేటప్పుడు మీ సెక్షను, రోల్ నంబరు రాయండి. లేకపోతే ఎవరు కట్టారో తెలియక ఆవిడ రాత్రుళ్ళు నిద్ర మానుకుంటుంది. ఆఖరు తేదీ డిసెంబరు 31. జమాఖర్చులు రసీదులతో సహా కలయిక అయిన వారంలో గ్రూపులో పెడతాం.

ఈ ఏడాది చెయ్యి ఆడనివాళ్ళు బి 14కు విడిగా "వస్తున్నాను" అని ఒక్క మాట పెడితే చాలు. కారణం ఆమె అడగదు, ఎవరికీ చెప్పదు, నాకు కూడా. డబ్బు కోసమో, ఉద్యోగం లేదనో, అప్పట్లో పరీక్ష తప్పామనో ఎవరూ ఆగిపోకండి. ఒక సంగతి దాచను. కిందటిసారి చిన్నగా కలిసినప్పుడు "ఏం చేస్తున్నావు, ఎంత వస్తుంది" అన్న ప్రశ్నలు విని ఒకడు టీ తాగకుండానే వెళ్ళిపోయాడు. అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. అందుకే ఈసారి ఒక నియమం పెట్టాం: భోజనాలు అయ్యేవరకు జీతం, ప్లాటు, పిల్లల ర్యాంకు ఎత్తినవాళ్ళకు బొబ్బట్టు లేదు.

రెండు సెక్షన్లు కలిపి మనం 92 మందిమి. 71 మంది దొరికారు. ఇంకా 19 మంది ఆచూకీ తెలియలేదు. వాళ్ళలో 13 మంది ఆడపిల్లలే. పెళ్ళయ్యాక ఇంటిపేరు మారింది, ఊరు మారింది, పుట్టింటి ఫోను నంబరు ఎప్పుడో పోయింది. వాళ్ళ అన్నదమ్ములో, పాత పక్కింటివాళ్ళో మీకు తెలిస్తే నంబరు గ్రూపులో పెట్టేయకండి. ముందు వాళ్ళను అడిగి, సరేనంటే బి 14కు చెప్పండి.

దూరం నుంచి వచ్చేవాళ్ళకు ఒక మాట. పండగ తిరుగు ప్రయాణాల రద్దీ మీకు తెలిసిందే. రైలు రిజర్వేషన్ అరవై రోజుల ముందు తెరుస్తారు కాబట్టి నవంబరు మూడో వారంలోనే టికెట్లు చూసుకోండి. స్టేషను ఆమదాలవలసలో ఉన్న శ్రీకాకుళం రోడ్. అక్కడి నుంచి ఊళ్ళోకి బస్సులు, ఆటోలు ఉంటాయి. రాత్రి ఉండాలంటే మా నలుగురి ఇళ్ళల్లో పడకలు సిద్ధం. ముందుగా చెప్పండి, పండగ చుట్టాలను సర్దుకోవాలి.

వస్తున్నదీ లేనిదీ డిసెంబరు 27 లోపు గ్రూపులో రాయండి. సెక్షను, రోల్ నంబరు, ఎంతమంది, శాకాహారమా మాంసాహారమా, అంతే. రోల్ నంబరు మరిచిపోయినవాళ్ళు పేరు రాయండి, రిజిస్టరు చూసి చెబుతాం. గ్రూపులో లేనివాళ్ళ తరఫున తెలిసినవాళ్ళు రాయవచ్చు. రాలేకపోతే "రాలేను" అని కూడా రాయండి. "చూద్దాం" అంటే మాత్రం వంటాయన బియ్యం కొలవలేడు.

మొదటి సమాధానం నాదే: ఎ 31, నలుగురం, మాంసాహారం.