పలమనేరు పాల శీతలీకరణ కేంద్రం మేనేజరుగా నా మొదటి తొంభై రోజుల ప్రణాళిక

జిల్లా పాల సేకరణ విభాగం మేనేజరు గారికి,

2025 సెప్టెంబరు 1, సోమవారం నాడు నేను పలమనేరు శీతలీకరణ కేంద్రం బాధ్యతలు స్వీకరిస్తున్నాను. నవంబరు 29తో తొంభై రోజులు పూర్తవుతాయి. ఈ కాలంలో నేను ఏమి నేర్చుకోవాలో, ఎవరిని ఎప్పుడు కలవాలో, ఏ పని ఎప్పటికి చేసి మీకు చూపాలో రాసి పంపమని మీరు అడిగిన మేరకు ఈ ప్రణాళికను సమర్పిస్తున్నాను. చదివి, మార్పులుంటే మొదటి వారంలోనే తెలియజేయగలరు.

ఇంతవరకు నేను ఎనిమిదేళ్ళు పాల ఫ్యాక్టరీ ప్రయోగశాలలో పనిచేశాను. ట్యాంకరులో వచ్చిన పాలను పరీక్షించడం నాకు బాగా తెలిసిన పని. అయితే ఆ పాలు ఊళ్ళో ఎవరి పాకలోంచి, ఎన్ని చేతులు మారి, ఎంతసేపటికి ట్యాంకరులోకి చేరాయో నేను దగ్గరుండి చూసినది తక్కువ. అందుచేత మొదటి నెలలో అధిక భాగాన్ని కార్యాలయంలో కాక రూట్లలో గడపదలిచాను.

ఈ ప్రణాళికకు కేంద్రమైన విషయం

మీరిచ్చిన వివరాల ప్రకారం మన కేంద్రానికి 62 గ్రామాల నుండి ఐదు రూట్లలో రోజుకు సుమారు 14,000 లీటర్ల ఆవుపాలు వస్తున్నాయి. గడచిన మూడు నెలల్లో రైతుల నుండి వచ్చిన ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం వెన్న శాతం గురించినవే. ఊళ్ళో స్లిప్పు మీద ఒక అంకె, మన దగ్గర క్యాను తెరిచాక మరో అంకె వస్తున్నాయి. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గాని, లీటరు పాలు సుమారు 1.03 కిలోలు తూగుతాయి కనుక, 14,000 లీటర్ల మీద వెన్నలో 0.1 శాతం తేడా వస్తే రోజుకు 14 కిలోలకు పైగా వెన్న లెక్కలో తారుమారవుతుంది. ఆ నష్టం కంపెనీ భరించినా, రైతు భరించినా, ఎవరు భరించారో తెలియకపోవడమే అన్నిటికంటే చెడ్డ స్థితి. తొంభై రోజుల్లో నేను సాధించదలిచినది ఒక్కటే: ఊళ్ళో కొలిచిన అంకె, కేంద్రంలో కొలిచిన అంకె ఒకటి కావాలి, కాని రోజున ఎందుకు కాలేదో కారణం కాగితం మీద ఉండాలి.

దీన్ని ఇంత పట్టుదలగా రాయడానికి నా అనుభవమే కారణం. గతంలో నేను పనిచేసిన చోట ఒక రూటు పాలలో నీళ్ళు కలుస్తున్నాయని రెండు వారాల పాటు నమ్మి, ఆ ఊళ్ళకు నోటీసులు పంపాము. తీరా చూస్తే ఎనలైజర్‌ను సరిచూడకపోవడమే అసలు కారణమని తేలింది. యంత్రం ఒక్క పూటలో బాగుపడింది గాని, ఆ ఊళ్ళ నుండి పాలు పోయడం మానుకున్న కుటుంబాలు తిరిగి రాలేదు. ఆ నోటీసుల మీద నా సంతకం కూడా ఉంది.

సెప్టెంబరు: చూడడం, వినడం

మొదటి మూడు రోజులు బదిలీపై వెళ్తున్న మేనేజరు గారితో ఉంటాను. స్టాకు రిజిస్టరు, ఆహార భద్రత లైసెన్సు, తూనికలు కొలతల శాఖ ముద్ర వేసిన కాటాల పత్రాలు, కూలింగ్ యంత్రాల మరమ్మతు పుస్తకం, రైతులకు చెల్లించవలసిన బకాయిల జాబితా ఆయన సమక్షంలోనే సరిచూసి సంతకం చేస్తాను. కాగితాల పని ముగిశాక, ఏ ఊరి కార్యదర్శితో ఎలా మాట్లాడాలి, ఏ రూటులో ఏ సమస్య ఏ నెలలో వస్తుంది అన్న విషయాలు అడిగి రాసుకుంటాను. అవి ఏ రిజిస్టరులోనూ ఉండవు.

నాలుగో రోజు, సెప్టెంబరు 4, గురువారం నుండి రూట్లు మొదలుపెడతాను. ఒక్కొక్క రూటులో ఉదయం రెండుసార్లు, సాయంత్రం ఒకసారి, పాల వ్యాను మొదటి ఊరి నుండి చివరి ఊరి దాకా దానిలోనే ప్రయాణిస్తాను. వి.కోట, బైరెడ్డిపల్లె రూట్లను ముందుగా ఎంచుకున్నాను, ఎందుకంటే అవి దూరపు రూట్లు, పాలు పుల్లబడినట్లు నమోదైన రోజులు కూడా అక్కడే ఎక్కువ. ప్రతి ఊళ్ళోనూ మొదటి రైతు పాలు పోసిన సమయం, వ్యాను వచ్చిన సమయం, మన రేవు మీద క్యాను దించిన సమయం రాసుకుంటాను. పితికిన పాలు ఎంత త్వరగా 4 డిగ్రీల సెల్సియస్‌కు చేరితే సూక్ష్మజీవులు అంత తక్కువగా పెరుగుతాయి. మన యంత్రాలు ఎంత మంచివైనా, దారిలో పోయిన గంటలను తిరిగి తేలేవు. కౌండిన్య అభయారణ్యం అంచున ఉన్న ఊళ్ళలో ఏనుగులు తిరిగే రోజుల్లో తెల్లవారకముందు వ్యాను నడపడం ప్రమాదకరం. ఆ ఊళ్ళ సమయాన్ని డ్రైవరును తొందరపెట్టి కాక, మరో విధంగా సర్దుబాటు చేయాలన్నది ఇప్పటికే నా అభిప్రాయం.

ఈ నెలలో నేను నేర్చుకోవలసినవి మూడున్నాయి. మొదటిది నమూనా తీసే పద్ధతి. పాలు నిలకడగా ఉంటే వెన్న పైకి తేలుతుంది కనుక, కలపకుండా పైనుంచి తీసిన నమూనాలో అంకె ఎక్కువగాను, అడుగునుంచి తీసినదానిలో తక్కువగాను వస్తుంది. ఊళ్ళలో గరిటె ఎలా ముంచుతున్నారో నా కళ్ళతో చూడాలి. రెండవది కూలింగ్ యంత్రాలు. ప్లేట్ చిల్లర్, ఐస్ బ్యాంక్, కరెంటు పోయినప్పుడు జనరేటరు మీదికి మార్చే క్రమం ఆపరేటరు దగ్గర కూర్చుని నేర్చుకుని, నెలాఖరుకు ఆయన ఎదుట ఒక షిఫ్టు నేనే నడిపి చూపిస్తాను. మూడవది భాష. వి.కోట వైపు ఎన్నో ఇళ్ళలో తమిళం, కన్నడం మాట్లాడుతారు. అంకెలు, ధర, ఆవు ఆరోగ్యానికి సంబంధించిన మాటలైనా ఆ రెండు భాషల్లో అర్థం చేసుకోగలగాలి.

ఈ ముప్ఫై రోజుల్లో ధరల పట్టికను గాని, రూట్ల క్రమాన్ని గాని, సిబ్బంది షిఫ్టులను గాని మార్చను. మనుషుల భద్రతకు, పాల శుభ్రతకు ప్రమాదం కనిపిస్తే మాత్రం అదే రోజు సరిచేసి మీకు ఫోనులో చెబుతాను.

సమావేశాలు

ప్రతి సోమవారం ఉదయం 11 గంటలకు, ఉదయపు పాలు దిగడం పూర్తయ్యాక, మీతో ఇరవై నిమిషాలు ఫోనులో మాట్లాడాలని కోరుతున్నాను. కెమిస్టులు, ఆపరేటర్లు, రూట్ సూపర్‌వైజర్లలో ప్రతి ఒక్కరితో మొదటి పదిహేను రోజుల్లో విడివిడిగా అరగంట కూర్చుంటాను. అందరినీ ఒకే ప్రశ్న అడుగుతాను: ఈ కేంద్రంలో ఏది చెడిపోయిందని తెలిసి కూడా మీరు చెప్పడం మానేశారు? రేవు మీద క్యాన్లు దించే వారిని కూడా ఇందులో చేర్చాను. మూత తీయగానే వాసన పట్టి పాలు ఎలా ఉన్నాయో చెప్పగలిగేది వారే.

సెప్టెంబరు 15, 30 తేదీలలో బిల్లుల క్లర్కుతో కూర్చుని, పదిహేను రోజుల పాల బిల్లు ఊరి పట్టీ నుండి రైతు బ్యాంకు ఖాతా దాకా ఎలా వెళ్తుందో ఒక ఊరిని తీసుకుని అడుగడుగునా చూస్తాను. పలమనేరు పశువైద్యాధికారి గారిని రెండో వారంలో కలిసి, గాలికుంటు టీకాల షెడ్యూలు తెలుసుకుని, పొదుగువాపు ఎక్కువగా ఉన్న ఊళ్ళ గురించి అడుగుతాను.

రైతుల సమావేశాలను సాయంత్రం పాలు పోశాక, ఏడు గంటలకు, పాల కేంద్రం ముందే పెడతాను. పితకడం, పోయడం ఎక్కువగా ఆడవారి చేతుల మీదుగా జరిగే పని. పగలు పంచాయతీ ఆఫీసులో పెడితే వారు రాలేరు, వచ్చినా మాట్లాడరు. సెప్టెంబరులో పది ఊళ్ళు, తొంభై రోజులలో మొత్తం ముప్ఫై ఊళ్ళు పూర్తి చేస్తాను. మొదటి విడతలో నేను హామీలేవీ ఇవ్వను, వారు చెప్పినది రాసుకుని చదివి వినిపిస్తాను.

సెప్టెంబరు 30, మంగళవారం నాడు మీ వద్దకు వచ్చి, నేను చూసినది నాలుగు పేజీలలో సమర్పిస్తాను.

అక్టోబరు: కొలతలు సరిచేయడం

రెండో నెలలో 62 కేంద్రాల ఎనలైజర్లను వరుసగా సరిచూస్తాము. ప్రతి ఊరి నుండి బాగా కలిపిన నమూనాను మన ప్రయోగశాలకు తెచ్చి గెర్బర్ పద్ధతిలో, అంటే 10 మిల్లీలీటర్ల సల్ఫ్యూరిక్ ఆమ్లం, 10.75 మిల్లీలీటర్ల పాలు, 1 మిల్లీలీటరు అమైల్ ఆల్కహాలుతో బ్యూటిరోమీటరులో పరీక్షించి, యంత్రం చూపిన అంకెతో పోలుస్తాము. రోజుకు మూడు ఊళ్ళ చొప్పున, దసరా, దీపావళి సెలవులు పోను నెలలో పూర్తవుతుంది. తేడా వచ్చిన యంత్రాన్ని సరిచేసే వరకు ఆ ఊరికి గెర్బర్ అంకె మీదనే బిల్లు కట్టడానికి మీ అనుమతి కావాలి. సెప్టెంబరు 30 సమావేశంలో దీనిపై నిర్ణయం కోరుతున్నాను.

అంకెలు సరిగా ఉన్నా రైతుకు అనుమానం కలిగే కారణాలు కొన్ని ఉన్నాయి. వానలకు లేత పచ్చిమేత పెరిగి, ఎండుగడ్డి తగ్గితే ఆవుపాలలో వెన్న తగ్గుతుంది. రెండు పూటల మధ్య వ్యవధి సమానంగా లేనప్పుడు, ఎక్కువ వ్యవధి తరువాత పితికిన పాలు ఎక్కువగా, వెన్న తక్కువగా ఉంటాయి. దూడకు చివరి పాలు వదిలితే వెన్న ఎక్కువగా ఉన్న భాగం దానికే పోతుంది. ఇవి రైతుకు తెలియని విషయాలు కావు, కాని స్లిప్పు మీది అంకెతో కలిపి ఎవరూ చెప్పడం లేదు. అక్టోబరు ఊరి సమావేశాలలో ఈ మూడింటినీ ఆ ఊరి పట్టీ చూపిస్తూనే వివరిస్తాను. ఆవుపాలకు ఆహార భద్రతా ప్రమాణం 3.2 శాతం వెన్న, 8.3 శాతం వెన్నేతర ఘనపదార్థాలు అన్న మాటను కూడా, బెదిరింపుగా కాక, సమాచారంగా చెబుతాను.

పొదుగువాపుకు మందు వేసిన ఆవు పాలను డాక్టరు చెప్పిన రోజుల వరకు విడిగా ఉంచడం గురించి కూడా ఇక్కడే మాట్లాడాలి. ఆ పాలు పోయకపోతే కలిగే నష్టాన్ని రైతు ఒక్కరే భరించాలనడం న్యాయం కాదని నా అభిప్రాయం. కొంత పరిహారం ఇవ్వగలమా అన్నది లెక్కవేసి మీ ముందు పెడతాను. అక్టోబరు 30, గురువారం నాడు అరవై రోజుల సమీక్ష.

నవంబరు: రద్దీకి సిద్ధం కావడం

చలికాలంలో పాలు పెరుగుతాయి. మన కేంద్రం సామర్థ్యం 20,000 లీటర్లు. గత చలికాలపు రిజిస్టర్లు చూసి, ఏ వారంలో ఆ గీతకు దగ్గరవుతామో అంచనా వేసి, రెండో ట్యాంకరు ఎప్పుడు కావాలో నవంబరు 10లోగా రాసి పంపుతాను. ఈశాన్య రుతుపవనాల వానలకు దెబ్బతినే దారులు, వాటికి ప్రత్యామ్నాయ దారులు సూపర్‌వైజర్లతో కలిసి గీసిన పటం దానికి జత చేస్తాను.

నవంబరు 29, శనివారం నాడు చివరి సమీక్షకు మీరు పలమనేరుకే రావాలని నా విన్నపం. ఆ ఉదయం మీరు ఏ ఊరి పేరు చెప్తే ఆ ఊరి నమూనాను ఊరి యంత్రం మీద, మన గెర్బర్ మీద మీ ఎదుటనే పరీక్షిస్తాము. ఆ రెండు అంకెలనూ, ఆ ఊరి నుండి ఇద్దరు పాలు పోసే ఆడవారిని పిలిచి, వారి సమక్షంలోనే రిజిస్టరులో రాస్తాము.

ఇట్లు,
మేనేజరు, పాల శీతలీకరణ కేంద్రం, పలమనేరు