కరెంటు పోయినా వైఫై పోదబ్బా!

నవంబరులో తుపాను వానలు పట్టుకుంటే మన నెల్లూరులో కరెంటు సంగతి తెలిసిందే కదా. అందుకే రౌటర్‌కి ఈ మినీ యూపీఎస్ పెట్టా. 1,349 రూపాయలు, నా డబ్బుతోనే కొన్నా. నెలన్నరగా వాడుతున్నా. మా ఇంట్లో ఒకసారి మూడు గంటల పైనే లాగింది. ఆఫీసు కాల్ మధ్యలో తెగలేదు, అదే పదివేలు.

కొనేముందు మీ రౌటర్ అడాప్టర్ తిప్పి చూడండి. 12V అని ఉంటేనే ఇది తీసుకోండి. 9V రౌటర్‌కి దీన్ని తగిలిస్తే రౌటర్ కాలిపోవచ్చు. ఫైబర్ బాక్సు, రౌటర్ వేరువేరుగా ఉంటే రెండింటికీ పవర్ కావాలి. వీధిలో కేబులాయన పెట్టెకే కరెంటు లేకపోతే మాత్రం ఇదేం చెయ్యలేదు. ఇంట్లో ఇన్వర్టర్ ఉండి, రౌటర్ ఆగకుండా నడుస్తుంటే అసలు కొనొద్దు.

నచ్చనిది: ఛార్జింగ్ అప్పుడు బాగా వెచ్చబడుతుంది. గుడ్డ కప్పకండి, టీవీ వెనక ఇరికించకండి.

బయోలో ఉన్నది అఫిలియేట్ లింక్. దాన్నుంచి కొంటే నాకు కొంచెం కమీషన్ వస్తుంది, మీకు ధర పెరగదు. ట్రంకు రోడ్డు షాపుల్లో ఇంతకంటే తక్కువకి దొరికితే అక్కడే తీసుకోండి, ఏమనుకోను. రౌటర్ వోల్టేజీ అర్థం కాకపోతే అడాప్టర్ ఫోటో పంపండి, చూసి చెప్తా.

#అఫిలియేట్‌లింక్ #నెల్లూరు #మినీయూపీఎస్