కుండల కోటయ్య బండి చక్రం

అనగనగా ఒక ఊరు. ఊరి ముందు చెరువు, ఊరి నడుమ రావిచెట్టు, చెట్టు కింద రచ్చబండ. ఆ ఊళ్ళో మనిషి పేరు వింటే చాలు, చేసే పని తెలిసిపోతుంది. పని తెలియకపోతే గుణమైనా తెలిసిపోతుంది.

కుండల కోటయ్య ఉన్నాడు. చెరువు మట్టి తెస్తాడు, రాయి ఏరతాడు, నలక ఏరతాడు. కాళ్ళతో తొక్కుతాడు, చేత్తో పిసుకుతాడు, సారె మీద పెడతాడు. గిర్రున తిప్పితే ముంత, గిరగిర తిప్పితే కుండ.

అతని పెళ్ళాం గడబిడ గవరమ్మ. పొయ్యి రాజకముందే ఎసరు పెడుతుంది. ఎసరు కాగకముందే బియ్యం పోస్తుంది. బియ్యం ఉడక్కముందే విస్తరి వేస్తుంది.

బాడిశ బాపయ్య ఉన్నాడు. బాడిశ దించితే చెక్కపేడు, ఉలి దించితే చక్కని తొర్ర. పని గట్టిది, మనిషి మెత్తన. ‘కాదు’ అనే మాట ఆయన నోట రాదు.

కొలిమి కొండయ్య ఉన్నాడు. తిత్తి ఊదితే నిప్పు, సుత్తి మోగితే కర్రు. కొలిమిలో ఇనుముకన్నా ముందు తనే ఎర్రబడతాడు.

గానుగ గంగయ్య ఉన్నాడు. ఎద్దు తిరుగుతుంది, రోకలి తిరుగుతుంది, గంగయ్య మాత్రం తిరగడు. నువ్వులు గానుగలో వేస్తాడు. ఆముదాలు వేయించి, దంచి, నీళ్ళలో కాచి, పైకి తేలిన చమురు గరిటెతో తీస్తాడు.

బండి తోలేది కునుకుల కన్నయ్య. కాడి కట్టేదాకా మెలకువ, కట్టాక కునుకు. దారి ఎడ్లకు తెలుసు, ఎడ్ల సంగతి దేవుడికి తెలుసు.

పుల్లల పుల్లమ్మను మరిచిపోతే ఊరుకోదు. పొయ్యిలోకి పుల్లలు అమ్ముతుంది, ఇంటింటికీ పుల్లలు పెడుతుంది. మొదటిదానికి డబ్బులు పుచ్చుకుంటుంది, రెండోది ఊరికే చేస్తుంది.

ఇక నిమ్మళం నీలవ్వ. ఆమె గురించి తొందరేం లేదు.

పుష్యమాసంలో కోటయ్య బండికి ఒక చక్రం విరిగింది. కోటయ్య బాపయ్య ఇంటికి వెళ్ళాడు.

“మామా, కొత్త చక్రం కావాలి.”

“చేస్తాను కోటయ్యా. పెరట్లో తుమ్మ మొద్దు ఉంది. మొన్న కార్తీకంలో కొట్టింది. ఒక వానాకాలం చెరువులో నానాలి. నానితే పసరు దిగుతుంది, పురుగు పట్టదు. ఆపైన ఏడాది నీడన ఆరాలి.”

గవరమ్మ వెనకే వచ్చింది. “ఏడాదా? ఎండలొస్తే కదా నీళ్ళకుండ అమ్ముడయ్యేది! చైత్రంలో బండి సంతకు పోవాలి. చెయ్యన్నా, చెయ్యి!”

బాపయ్య మొద్దు వంక చూశాడు. గవరమ్మ వంక చూశాడు. మొద్దు ఏమీ అనలేదు. గవరమ్మ అంటూనే ఉంది. “సరేనమ్మా” అన్నాడు.

పచ్చి మొద్దు కోశాడు. నడిమి దిమ్మ ఒకటి, దిమ్మ నుంచి అంచుదాకా పన్నెండు ఆకులు, అంచుకు ఆరు పూటీలు. ఒక్కో పూటీకి రెండేసి ఆకులు. దిమ్మకు పన్నెండు తొర్రలు తొలిచాడు. ఆకు మొన తొర్రలోకి దిగుతుంటే కిర్రుమనాలి, ఊరికే దిగితే పనికిరాదు. కిర్రు కిర్రు కిర్రు అని పన్నెండూ దిగాయి. పూటీలు ఎక్కాయి. చక్రం నిలబడింది. బాపయ్య దాన్ని వేలితో కొట్టి చూశాడు. ఎండు చెక్క ఖంగుమంటుంది. ఇది దబ్బుమంది. విన్నాడు, ఊరుకున్నాడు.

ఇప్పుడు కొండయ్య వంతు. చక్రం చుట్టూ పురికొస తిప్పాడు, ముడి వేశాడు. ఆ కొలతకు బొటనవేలంత తగ్గించి ఇనప పట్టా అతికాడు.

“తక్కువ చేశావేం మామా?” అన్నాడు కోటయ్య.

“సమానంగా చేస్తే ఊడిపోతుంది. మరీ తగ్గిస్తే ఆకులు వంగిపోతాయి. బొటనవేలంతే లెక్క. ఇనుము కాలితే సాగుతుంది, చల్లారితే బిగుస్తుంది. నాకు చెప్పొస్తావా?” అని కొండయ్య ఎర్రబడ్డాడు.

నేల మీద పట్టా పరిచారు. చుట్టూ పిడకలు పేర్చారు. నిప్పు పెట్టారు. పట్టా ఎర్రగా కాలింది. ముగ్గురు మూడు పట్టుకార్లతో ఎత్తారు. చక్రం మీద దించారు. చెక్క భగ్గున అంటుకుంది. “పోయండి, పోయండి!” అన్నాడు కొండయ్య. బిందె మీద బిందె, బుస్సు బుస్సు బుస్సు. ఇక్కడ ఆలస్యమైతే చెక్క బొగ్గవుతుంది, ఒక పక్కే పోస్తే పట్టా వంకర తిరుగుతుంది. గవరమ్మ గడబిడ ఊళ్ళో ఎక్కడ పనికొచ్చినా పనికిరాకపోయినా, ఆ రోజు అక్కడ మాత్రం పనికొచ్చింది. పట్టా బిగిసింది. పూటీలన్నీ దగ్గరికి జరిగాయి. చక్రం కటకటమంది.

గంగయ్య కందెన ఇచ్చాడు. చిక్కటి ఆముదంలో వరిగడ్డి మసి కలిపి, వెదురు గొట్టంలో నింపి బండికి వేలాడదీశాడు. “నువ్వుల నూనె కారిపోతుంది, ఆముదం అంటుకుంటుంది. వారానికోసారి పూయి” అన్నాడు. అంతే. గంగయ్య అంతకంటే మాట్లాడడు.

మాఘం పోయింది, ఫాల్గుణం పోయింది, చైత్రం వచ్చింది. ఎండ మండింది.

ఎనభై కుండలు బండిలో సర్దారు. అడుగున గడ్డి, వరుసకూ వరుసకూ మధ్య గడ్డి. కన్నయ్య కాడి కట్టాడు. సంతకు మూడు కోసుల దారి.

మొదటి కోసు దాటింది. టక్. కన్నయ్య కునుకుతున్నాడు.

రెండో కోసు దాటింది. టక టక. కన్నయ్య గురక పెడుతున్నాడు.

వాగు దిగే చోట టక టక టక టక. ఇనప పట్టా ఊడి, దొర్లుకుంటూ బండికన్నా ముందు వాగులోకి పోయింది. పూటీలు విడిపోయాయి. ఆకులు జారిపోయాయి. బండి ఒరిగింది. ఎనభైలో పదహారు కుండలు మిగిలాయి. అరవై నాలుగు పెంకులయ్యాయి.

పుల్లమ్మకు ఇంకేం కావాలి! కోటయ్య దగ్గరికి వెళ్ళి, “కన్నయ్య నిద్రపోయాడట” అంది. కన్నయ్య దగ్గరికి వెళ్ళి, “చక్రం బాపయ్య చేసిందే కదా” అంది. బాపయ్య దగ్గరికి వెళ్ళి, “ఊడింది ఇనుమట, చెక్క కాదట” అంది. కొండయ్య దగ్గరికి వెళ్ళి, “కందెన లేకే ఇరుసు పట్టేసిందంటున్నారు” అంది. గంగయ్య దగ్గరికి కూడా వెళ్ళింది. గంగయ్య గానుగ ఆపలేదు. పుల్లమ్మే ఎద్దు వెనకాల మూడు చుట్లు తిరిగి, కళ్ళు తిరిగి, ఇంటికి పోయింది.

తెల్లారేసరికి రచ్చబండ దగ్గర ఊరంతా ఉంది. అందరూ ఒక్కసారే అరుస్తున్నారు. నిమ్మళం నీలవ్వ వచ్చింది. కర్ర పక్కన పెట్టింది. వక్క నోట్లో వేసుకుంది. నమిలింది. వక్క నలిగేదాకా మాట్లాడలేదు. అరిచేవాళ్ళ గొంతులే ముందు నలిగాయి.

“చక్రం ముక్కలు తెచ్చి నా ముందు పెట్టండి” అంది.

తెచ్చారు.

ముందు నడిమి దిమ్మ తీసుకుంది. ఇరుసు దూరే రంధ్రంలో వేలు పెట్టింది. వేలు నల్లగా, జిడ్డుగా వచ్చింది. వాసన చూసింది. “ఆముదం. కందెన లేకపోతే లోపల చెక్క మాడి గోధుమరంగు పొడి రాలేది. మాడలేదు. గంగయ్యా, నువ్వు ఇంటికి పో.” గంగయ్య పోయాడు. వచ్చినప్పుడూ మాట్లాడలేదు, పోయేటప్పుడూ మాట్లాడలేదు.

తర్వాత ఇనప పట్టా. “ఒరే కొండయ్యా, నాడు కొలిచిన పురికొస ఉందా?”

“ఉంది అవ్వా. ముడి కూడా విప్పలేదు.”

పట్టా లోపలి అంచు వెంట పురికొస పరిచారు. పురికొస బొటనవేలంత ఎక్కువ వచ్చింది. “చెప్పిన లెక్కే. అతుకు కూడా విడలేదు. నువ్వూ పో.” కొండయ్య పోలేదు. తప్పెవరిదో చూసి ఎర్రబడదామని కూర్చున్నాడు.

ఆరు పూటీలు నేల మీద చక్రంలా పేర్చి, ఆకులు తొడిగి, చుట్టూ ఆ పురికొసే తిప్పించింది. ఈసారి పురికొస వదులుగా వేలాడింది. పట్టా పెట్టి చూస్తే, చెక్కకూ ఇనుముకూ మధ్య సందు.

“బాపయ్యా, పూటీ గీసుకున్న అచ్చు చెక్క తే.”

బాపయ్య తలొంచుకుని తెచ్చాడు. నీలవ్వ పూటీని అచ్చు మీద పెట్టింది. పొడుగు సరిపోయింది. వెడల్పు సరిపోలేదు. మిగిలిన సందులో కొంగున ఉన్న బియ్యపుగింజ ఒకటి తీసి అడ్డంగా పెట్టింది. సరిగ్గా పట్టింది.

“చెక్క ఆరితే పొడుగు తగ్గదు, అడ్డం తగ్గుతుంది. ఒక్క గింజే కదా అనుకోకండి. చక్రానికి ఆ పక్క గింజ, ఈ పక్క గింజ, చుట్టు కొలతలో రెండు వేళ్ళు పోయాయి. కొండయ్య బిగింపు ఒక వేలు. ఇంకేం నిలుస్తుంది? ఆకు మొనలు చూడండి.”

చూశారు. మొనలు నున్నగా మెరుస్తున్నాయి. బిగుతుగా ఉన్న మొన మెరవదు. తొర్రలో ఆడి ఆడి, రాసుకుని రాసుకుని నునుపెక్కింది.

“ఒక్క క్షణంలో ఇంత నునుపు రాదు. దారి మొదటి నుంచే ఆకు ఆడుతోంది, చప్పుడు చేస్తోంది. ఏరా కన్నయ్యా, వినపడలేదూ?”

“కలలో ఎవరో తలుపు కొడుతున్నారనుకున్నాను అవ్వా.”

“వినపడినప్పుడు చక్రం విప్పి ఒక రాత్రి చెరువులో పడేస్తే చెక్క ఉబ్బి బిగిసేది. ఆ సంతకైనా పోయి వచ్చేవాడివి. బాపయ్యా, పచ్చి కట్టె అని తెలుసా?”

“తెలుసు.”

“చెప్పావా?”

“చెప్పాను. మళ్ళీ చెప్పలేదు.”

గవరమ్మ ముందుకొచ్చింది. “చూశారా, తెలిసే చేశాడు! అరవై నాలుగు కుండలు, కుండ అర్ధణా, రెండు రూపాయలు కట్టమనండి!”

నీలవ్వ కోటయ్య వైపు తిరిగింది. “కోటయ్యా, తడి కుండను ఆవంలో పెడతావా?”

“పెట్టను అవ్వా. ముందు నీడన ఆరాలి, తర్వాత ఎండలో ఆరాలి. తడి ఉంటే లోపలి నీరు ఆవిరై కుండ పేలుతుంది. పక్క కుండల్ని కూడా పగలగొడుతుంది.”

“మరి తడి చక్రాన్ని ఎండలో ఎలా పెట్టావు?”

కోటయ్య పెళ్ళాం వంక చూశాడు. గవరమ్మ రావిచెట్టు వంక చూసింది.

రెండు రూపాయల్లో బాపయ్య ఎనిమిది అణాలు, కన్నయ్య ఎనిమిది అణాలు కట్టారు. మిగిలిన రూపాయి కోటయ్య ఇంట్లోనే మునిగింది. పుల్లమ్మకూ పని దొరికింది. అరవై నాలుగు కుండల పెంకులు రోట్లో దంచాలి. పొడి జల్లించి ఇవ్వాలి. నాలుగు తట్టల మట్టికి ఒక తట్ట పొడి కలిపితే కొత్త కుండ ఆరేటప్పుడు బీటలు తక్కువ వస్తాయి. రోకలి చప్పుడుకు పుల్లమ్మ మాట పక్కింటికి వినపడక, ఊరు నెల రోజులు హాయిగా ఉంది.

బాపయ్య ఇంకో తుమ్మ మొద్దు కొట్టి చెరువులోకి దొర్లించాడు. గవరమ్మ రోజూ పొద్దున్నే గట్టు మీదికి వస్తుంది. కర్రతో మొద్దును పొడుస్తుంది.

“నానిందా అన్నా?”

“లేదు.”

“ఇవాళైనా నానిందా?”

“లేదు.”

బాపయ్యకు ఆ మాట బాగా అలవాటైంది. ఇప్పుడు అన్నం పెట్టనా అని పెళ్ళాం అడిగినా ‘లేదు’ అనే అంటున్నాడట.