అగ్రిమెంటు మీద మీ సంతకం గురించి, బాబాయి గారూ

బాబాయి గారూ, నమస్కారం. మెసేజ్ పెద్దదే, అయినా ఓపిగ్గా చివరిదాకా చదవండి. ఫోన్లో మాట్లాడితే మీరు "అలాగేలే అమ్మా, చూద్దాం" అంటారు, నేను మొహమాటపడి సరేనని పెట్టేస్తాను, మళ్లీ వారం గడిచిపోతుంది. అందుకే రాస్తున్నాను.

దానవాయిపేటలో మీ కింది షాపు గురించి మనం మాట ఇచ్చి పుచ్చుకున్నది జూన్ 12న. అద్దె నెలకి 28,000, ఏటా 5 శాతం పెంపు, అయిదేళ్లు, అడ్వాన్సు 3 లక్షలు. అందులో లక్షన్నర ఆ రోజే మీ అకౌంట్లో వేశాను, మిగతాది సంతకాల రోజున ఇస్తానన్నాను. డ్రాఫ్టు జూన్ 20న పంపాను. బెంగళూరు నుంచి తమ్ముడు చదివి రెండు చోట్ల అభ్యంతరం చెప్పాడు: మూడేళ్ల లోపు నేను ఖాళీ చేస్తే ఎంత నోటీసు ఇవ్వాలి, వెళ్లేటప్పుడు గోడలు ఎవరు బాగు చేయించాలి అని. రెండూ తను చెప్పినట్టే మార్చి జూలై 6న మళ్లీ పంపాను. అప్పుడు మీరు ఆషాఢం వెళ్లాక చేద్దామన్నారు. సరే, నాకూ ఆ పట్టింపు ఉంది, ఒక్క మాట అనలేదు. ఆషాఢ అమావాస్య వెళ్లి ఈ రోజుకి పది రోజులు, శ్రావణం కూడా నడిచిపోతోంది. ఈ పది రోజుల్లో మూడుసార్లు ఫోన్ చేశాను. ఇంకా ఏమైనా మార్చాలా అంటే లేదంటున్నారు, మరి ఎప్పుడు వద్దాం అంటే చెప్పడం లేదు.

మీ సంతకం లేక నాకు ఏమేం ఆగిపోయాయో ఉన్నదున్నట్టు చెప్తాను.

మొదటిది బ్యాంకు. ముద్రా లోను, తరుణ్ కింద 8 లక్షలు శాంక్షన్ అయింది, కాగితం చేతిలో ఉంది. రిజిస్టరైన లీజు కాపీ ఇస్తేనే డబ్బు వదులుతామని అందులోనే రాశారు, ఆ శాంక్షన్ కూడా ఆగస్టు 31 వరకే. ఆ డబ్బు నా చేతికి రాదు, గ్రైండరు, దోసెల పెనం, ఫ్రిజ్ అమ్మేవాళ్లకి బ్యాంకే నేరుగా కడుతుంది. అంటే ఇప్పటికి సామాను ఒక్కటీ ఆర్డర్ కాలేదు. గడువు దాటితే మళ్లీ మొదటి నుంచి అప్లికేషన్.

తర్వాత లైసెన్సులు. రోజుకి ఏడు వేలు అమ్మినా ఏడాదికి 20 లక్షలు దాటుతుంది కాబట్టి నాకు చిన్న రిజిస్ట్రేషన్ సరిపోదు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ స్టేట్ లైసెన్సే తీసుకోవాలి, దానికి ఆ షాపు నా స్వాధీనంలో ఉందని చూపే కాగితం జతచేయాలి. జీఎస్టీకీ అదే కాగితం, పైన మీ కరెంటు బిల్లు కాపీ. కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్సుకీ అదే. అన్ని ఫారాలూ నింపి పెట్టుకున్నాను, అన్నింట్లోనూ అద్దె ఒప్పందం అప్‌లోడ్ చేయమన్న దగ్గరే ఆగిపోయాను.

కరెంటు మాట మాత్రం మీ కోసం కూడా చెప్తున్నాను. ఆ షాపు మీటరు పిన్ని గారి పేరు మీద ఇంటి కేటగిరీలో ఉంది. దాన్ని కమర్షియల్‌కి మార్చి లోడు పెంచాలంటే మీ ఇద్దరి అంగీకారం, అగ్రిమెంటు కావాలి. "ముందు మొదలుపెట్టెయ్, తర్వాత మార్చుకుందాం" అని మీరు మొన్న అన్నారు. అది నేను చేయను. ఇంటి మీటరు మీద వ్యాపారం చేస్తే విద్యుత్ చట్టం 126వ సెక్షన్ కింద రెట్టింపు రేటుతో బిల్లు వేస్తారు, ఎప్పటి నుంచి వాడుతున్నారో తేలకపోతే వెనక్కి 12 నెలలకి లెక్క కడతారు. ఆ నోటీసు వచ్చేది పిన్ని గారి పేరు మీద, నా పేరు మీద కాదు.

ఇక తాళాలు. అవి మీ దగ్గరే ఉన్నాయి, అది న్యాయమే, సంతకం కాకుండా ఇవ్వమని నేనూ అడగలేదు. కానీ తాళం లేక కార్పెంటర్ కొలతలు కూడా తీసుకోలేకపోయాడు. వంట మాస్టరుకి 15,000 అడ్వాన్సు ఇచ్చి ఆగస్టు 20 నుంచి రమ్మన్నాను. జూలై నెలాఖరుతో స్కూల్లో ఉద్యోగం మానేశాను. ఇంట్లో ఇప్పుడు ఆయన జీతం ఒక్కటే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని చెప్పడం లేదు, ఒక్కో వారానికి నాకు ఎంత పడుతోందో మీకు తెలియాలని.

11 నెలలకి మామూలు కాగితం రాసుకుందాం, రిజిస్ట్రేషన్ ఎందుకు, అయిదేళ్లు రిజిస్టర్ చేస్తే షాపు మాదే అంటారట అని ఎవరో మీతో అన్నారని పిన్ని గారు చెప్పారు. నిజంగా ఆగింది అక్కడే అయితే నాతోనే అనాల్సింది బాబాయి గారూ. లీజుతో యాజమాన్యం రాదు. అందులో ఏ తేదీకి ఖాళీ చేయాలో రాసి ఉంటుంది, దాని మీద నా వేలిముద్ర, ఫొటో ఉంటాయి, అవి ఉంటే రేపు ఏదైనా గొడవ వచ్చినా మీకే మేలు. రిజిస్టర్ చేయకపోతే ఇబ్బంది నాకు. ఏడాది మించిన లీజు రిజిస్ట్రేషన్ లేకుండా చెల్లదు, నెలవారీ అద్దెదారు కిందే లెక్క, 15 రోజుల నోటీసుతో ఖాళీ చేయమనొచ్చు. మీరు అలా అనరని నాకు తెలుసు, కానీ 8 లక్షల అప్పు ఆ నమ్మకం మీద తేలేను, బ్యాంకు ఎలాగూ ఒప్పుకోదు.

మీరు చేయాల్సింది ఇంతే. షాపు ఇద్దరి పేరు మీద ఉంది కాబట్టి మీరూ పిన్ని గారూ ఆధార్, పాన్, ఇంటిపన్ను రసీదు పట్టుకుని సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి ఒక్క పూట రావాలి. స్టాంపు డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు, రాసినవాళ్ల ఖర్చు అంతా నాది. సాక్షుల్ని నేను తెస్తాను, కారు పంపిస్తాను. పిన్ని గారికి మోకాళ్ల నొప్పితో మెట్లెక్కడం కష్టమైతే ఇంటికి వచ్చి రిజిస్టర్ చేయమని అర్జీ పెట్టుకునే వీలు కూడా ఉంది, ముందే చెప్తే ఆ పని చూస్తాను. తమ్ముడు బెంగళూరు నుంచి రావాల్సిన పని లేదు, కాగితం మీద తన పేరు లేదు.

రేపు సోమవారం సాయంత్రం లోపు మీరు రోజు చెప్తే గురువారం, అంటే 7వ తేదీకి స్లాట్ బుక్ చేస్తాను. మర్నాడు వరలక్ష్మీ వ్రతం, పిన్ని గారికి పనులుంటాయి, అందుకే గురువారం ఉదయమే అడుగుతున్నాను. ఆ రోజు సంతకాలైతే తాళాలు తీసుకుని, 27న చవితికి షాపులో పాలు పొంగించుకోగలను, అంతకన్నా ఒక్క వారం జరిగినా కుదరదు.

మీకు ఇవ్వడం ఇష్టం లేకపోతే అదీ రేపే చెప్పేయండి. నేనేమీ అనుకోను, నాన్నగారితో మీ స్నేహం ఎక్కడికీ పోదు. నా లక్షన్నర ఆదివారం లోపు వెనక్కి వేస్తే కంబాలచెరువు దగ్గర ఇంకో షాపు చూశాను, వాళ్లతో మాట్లాడుకుంటాను. ఆ షాపువాళ్లు కూడా ఆదివారం వరకే ఆగుతామన్నారు. ఔననీ కాదనీ చెప్పకుండా ఉంటే మాత్రం నేను రెండింటికీ చెడతాను.

ఫైనల్ కాపీ మళ్లీ ఈ మెసేజ్ కిందే పెడుతున్నాను, జూలై 6న పంపిన దానికీ దీనికీ ఒక్క అక్షరం తేడా లేదు. రేపు సాయంత్రం ఆరింటికి ఇంటికి వస్తాను. మీరు ఊళ్లో లేకపోతే ఇక్కడే రాయండి.

— రాజ్యలక్ష్మి
3 ఆగస్టు 2025, ఆదివారం