అధ్యయన సెలవు, ఫెలోషిప్ కోసం దరఖాస్తు

తిరుపతి, 6-10-2025
కరస్పాండెంట్ గారికి, ప్రధానోపాధ్యాయుల ద్వారా

అయ్యా,
మన బడిలో 6, 7 తరగతులకు లెక్కలు చెబుతున్నాను. పార్ట్‌టైమ్ ఎం.ఎడ్.లో ఇక డిసర్టేషనే మిగిలింది. 1/2, 1/3 కూడమంటే పిల్లలు 2/5 అంటారు; లవాలను లవాలతో, హారాలను హారాలతో కలిపేస్తారు. నా పరిశోధన దీనిపైనే. కాగితం మడతలతో ఆరో వంతులు చూపించి, ముందూ తర్వాతా పరీక్ష పెట్టాలి. వేరే బళ్లలో, బడి వేళల్లో చేయాల్సిన పని, ఆదివారాలు కుదరవు.

నవంబరు 3 నుంచి 29 వరకు సెలవు, రూ.18,000 ఫెలోషిప్ (ఫీజు 12,000, ముద్రణ, బైండింగ్ 4,000, ప్రయాణం 2,000) మంజూరు చేయగలరు. బిల్లులు అందజేస్తాను. 7వ తరగతి పాఠాలకు తోటి టీచరు ఒప్పుకున్నారు. 6వ తరగతికి సర్దుబాటు కావాలి.

జతపరచినవి: బోనఫైడ్, గైడ్ లేఖ, ఫీజు రసీదు.

విధేయురాలు,
గణిత ఉపాధ్యాయురాలు