పంట రుణాల వడ్డీ రాయితీ: సంఘం అధ్యక్షుల ప్రసంగం

అక్కలకు, అన్నలకు, పెద్దలకు నమస్కారం. కిసాన్ క్రెడిట్ కార్డు పంట రుణాలపై వడ్డీ రాయితీని 2025-26కు కొనసాగిస్తూ ఉత్తర్వు వచ్చింది. మూడు లక్షల దాకా వడ్డీ 7 శాతం. గడువులోగా కడితే 3 శాతం తగ్గి, మీకు పడేది 4 శాతమే.

లెక్క చూడండి. జూన్ 20న 80,000 తీసుకున్నారు. ఏడాదికి 7 శాతమైతే 5,600. గడువులో కడితే 3,200. ఒక్కరోజు దాటినా ఆ 2,400 పోతుంది, దాటిన రోజులకు మామూలు వడ్డీ పడుతుంది. మార్చిలో కట్టాలని చాలామంది అనుకుంటారు, అది పొరపాటు. అప్పు తీసుకున్న తేదీ నుంచి ఏడాదిలోపే గడువు. పాస్‌బుక్కులో ఆ తేదీ కింద గీత గీసుకోండి.

మూడు లక్షల పరిమితి అన్ని బ్యాంకులకూ కలిపే. ఇక్కడ రెండు లక్షలు, పక్క బ్యాంకులో రెండు లక్షలు ఉంటే మొత్తం నాలుగు లక్షల్లో మూడు లక్షలకే రాయితీ వస్తుంది. ఆధార్ అనుసంధానం లేకపోతే పేరే రాయితీ నమోదు చేసే పోర్టల్‌కి ఎక్కదు. ఆధార్‌లో, పాస్‌బుక్కులో పేరు తేడా ఉన్నవాళ్లు రేపే రెండు జిరాక్సులతో మన కార్యదర్శిని కలవండి.

ధర లేక ధాన్యం గోదాములో పెట్టే చిన్న, సన్నకారు రైతులు గుర్తింపు పొందిన గోదాము రశీదు తెస్తే, పంట కోశాక ఆరు నెలల వరకూ ఆ రుణానికీ 7 శాతం వడ్డీయే. మామూలు చీటీ చెల్లదు. ఇక అడగండి.